‘కుదరలేదు’ అంటే ఎవరికి కుదరలేదు?

సందేహం: నాన్నగారికి ఆపరేషన్ అన్నారు, ఒకసారి మాట్లాడాలి అని నా స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. చూసి కూడా నెల దాకా జవాబివ్వలేదు. ఇప్పుడిలా రాసుకున్నాను: ‘‘ఆఫీసులో పని ఒత్తిడి వల్ల, ఇంట్లో కొన్ని ఇబ్బందుల వల్ల రిప్లై ఇవ్వడం కుదరలేదు. ఆలస్యానికి క్షంతవ్యుణ్ణి. బాధ కలిగి ఉంటే ఏమీ అనుకోకు.’’ సాకులు చెప్పినట్టుందని మా ఆవిడ అంటోంది. భాషాదోషం ఏమైనా ఉందా?

సమాధానం: మీ ఆవిడగారి మాటే నిజం. వ్యాకరణం కూడా ఆవిడ పక్షమే.

‘రిప్లై ఇవ్వడం కుదరలేదు’ అన్నచోట కర్త మీరు కాదు, ‘ఇవ్వడం’. దానికి ముందు రెండు ‘వల్ల’లు చేరేసరికి నేరమంతా ఆఫీసుదీ ఇంటిదీ అయింది. పోనీ ‘ఇవ్వలేదు’ అందామా? నేను, నువ్వు, వాళ్లు, ఎవరికైనా అదే రూపం కాబట్టి అక్కడా మనిషి కనబడడు. ‘చూశాను’, ‘ఊరుకున్నాను’ అంటే మాత్రం చివరి ‘ను’ మిమ్మల్ని పట్టిస్తుంది. ‘ఉండిపోయాను’, ‘మర్చిపోయాను’ అన్నా ‘ను’ ఉంటుంది గానీ, మధ్యలోని ‘పో’ నా ప్రమేయం లేకుండా జరిగిందనే ధ్వని తెస్తుంది. నిజంగా మరిచిపోతే సరే. మీరు చూసి కూడా ఊరుకున్నారు కదా!

‘క్షంతవ్యుణ్ణి’ అంటే క్షమించదగినవాణ్ణి అని. అవునో కాదో తేల్చాల్సింది మీ స్నేహితుడు. ఈ మాటను ‘క్షమించండి’కి బదులుగా చాలామంది వాడుతున్నారు గానీ, చనువున్నచోట ‘సారీరా’ దీనికన్నా ఎంతో నయం. ‘బాధ కలిగి ఉంటే’ అనడం, కలిగిందో లేదో నాకు అనుమానమే అన్నట్టుంటుంది. ‘ఏమీ అనుకోకు’ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినప్పటి మాట, ఇంత బరువును మోయలేదు.

నేనైతే ఇలా రాస్తాను: ‘‘నీ మెసేజ్ వచ్చిన రోజే చూశాను. చూసి కూడా నెల రోజులు పలక్కుండా ఊరుకున్నాను. తప్పు నాదే, సారీరా. నాన్నగారికి ఇప్పుడెలా ఉంది? సాయంత్రం ఫోన్ చేస్తాను.’’

కారణం చెప్పి తీరాలనిపిస్తే ఒక్కటే చెప్పండి. అది ‘సారీ’ తర్వాత, విడి వాక్యంగా రావాలి: ‘‘ఏం చెప్పాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాను.’’ ఇందులోనూ పని చేసింది మీరే. అదే కారణాన్ని ‘సారీ, కానీ...’ అని అతికిస్తే ముందన్న సారీ కాస్తా చెరిగిపోతుంది.

ఒక్క జాగ్రత్త. నెల గడిచింది గనుక, పంపేముందు ఆ పెద్దాయన ఎలా ఉన్నారో ఇంకో స్నేహితుణ్ణి అడిగి కనుక్కోండి. జరగరానిది జరిగి ఉంటే ‘ఇప్పుడెలా ఉంది’ అన్న ప్రశ్న రాయకూడదు. అప్పుడు మెసేజ్ వద్దు, నేరుగా వెళ్లండి.