‘వర్క్’ నామవాచకమా, క్రియా? ముఖ్యంగా ‘టు’ తర్వాత

ప్రశ్న: ఇంగ్లీషులో ‘వర్క్’ అనే మాట ఒక వాక్యంలో నామవాచకం, ఇంకో వాక్యంలో క్రియ అంటున్నారు. మాట మారనప్పుడు ఎలా గుర్తుపట్టాలి? ‘టు’ తర్వాత వస్తే అసలు తేలడం లేదు.

జవాబు: ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేటప్పుడు నేను ముందుగా నల్లబల్ల మీద ఒక తెలుగు వాక్యం రాస్తాను: ‘ఈ కట్టు విప్పి మళ్లీ కట్టు.’ మొదటి ‘కట్టు’ గాయానికి చుట్టిన గుడ్డ అనీ, రెండోది చేయమని చెబుతున్న పని అనీ ఎవరూ వివరించకుండానే పిల్లలు చెప్పేస్తారు, ఎందుకంటే మొదటిదాని ముందు ‘ఈ’ ఉంది, రెండోది వాక్యాన్ని ముగిస్తోంది. అయితే మన భాషలో ‘కట్టాడు’, ‘కట్టుకి’ అనగానే ప్రత్యయమే విషయం తేల్చేస్తుంది. పాత ఇంగ్లీషులోనూ ఈ నామవాచకానికీ క్రియకూ వేర్వేరు రూపాలు ఉండేవి. కాలక్రమంలో పదాల చివరి ప్రత్యయాలు అరిగిపోయి ‘వర్క్’ అనే ఒక్క రూపమే మిగిలింది.

అందువల్ల ఇంగ్లీషులో ఇరుగుపొరుగు మాటలను చూడాలి. ‘మై వర్క్’, ‘హార్డ్ వర్క్’ అన్నప్పుడు ముందున్న మాట దాన్ని నామవాచకంగా నిలుపుతుంది. ‘దే వర్క్ హార్డ్’ అన్నప్పుడు ముందు కర్త, వెనుక పని తీరు చెప్పే మాట ఉన్నాయి కనుక అది క్రియ. చివర ‘ఎస్’ ఉందా అని మాత్రం చూడకండి, ఎందుకంటే అది బహువచన నామవాచకానికీ, ‘షీ వర్క్స్’ వంటి క్రియకూ చేరుతుంది.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన ‘టు’ సంగతి. ‘ఐ గో టు వర్క్’, ‘ఐ వాంట్ టు వర్క్’ అనే రెండు వాక్యాలను తీసుకుని, ‘వర్క్’ స్థానంలో ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ గో టు ఇట్’ వ్యాకరణానికి నిలుస్తుంది, కాబట్టి అక్కడ ‘టు’ విభక్తి లాంటిది, ‘వర్క్’ నామవాచకం. ‘ఐ వాంట్ టు ఇట్’ నిలవదు, కాబట్టి అక్కడ ‘వర్క్’ క్రియ. పిల్లలకు నిర్వచనాలకంటే ఈ పరీక్షే ఎక్కువగా గుర్తుండటం నేను తరగతిలో చూస్తూనే ఉన్నాను.

దీనికీ ఒక హద్దు ఉంది. ‘ఐ వెంట్ టు వర్క్ విత్ మై బ్రదర్’ అంటే అన్నతో కలిసి ఉద్యోగానికి వెళ్లానని చెప్పవచ్చు, అన్నతో కలిసి పనిచేయడానికి వెళ్లానని కూడా చెప్పవచ్చు. అది ముందు వాక్యాలను బట్టే తేలుతుంది. ‘వెంట్’ తర్వాత ‘దేర్’ చేర్చి ‘ఐ వెంట్ దేర్ టు వర్క్’ అంటే మాత్రం క్రియ అన్న అర్థమే మిగులుతుంది.

మనవాళ్లు ఉత్తరాల చివర రాసే ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ తప్పెందుకో కూడా ఈ పరీక్షతోనే తెలుస్తుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ సరిగ్గా నిలుస్తుంది కనుక అక్కడ నామవాచకం పట్టే చోటు ఉంది. అందుకే ‘మీటింగ్ యూ’ అని రాయాలి.