ట్యాంకు లెక్కలు దిద్దేటప్పుడు

కావలి

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటుబుక్కుల ఫోటోలు చూశాను. పిల్లలకి సూత్రాలు బాగానే నోటికొచ్చాయి, ఏది దేనికో తెలీదు, అంతే. నువ్వు మాత్రం చివరి సంఖ్య ఒక్కటే చూసి టిక్కో ఇంటూనో కొట్టేస్తున్నట్టున్నావు. నేనూ అలాగే చేసి ఒకసారి పరువు పోగొట్టుకున్నా.

వ్యాసార్థం 2 మీటర్లు, ఎత్తు 7 మీటర్లు ఉన్న స్థూపం ఘనపరిమాణం కనుక్కోమని పరీక్షలో ఇచ్చాను. జవాబు 88 ఘనపు మీటర్లు. ఒకడు πr²h బదులు 2πrh వేశాడు. వాడికీ 88 వచ్చింది! నేను టిక్కు పెట్టేశా. మర్నాడు వాడి పక్కన కూర్చునే పిల్ల వచ్చి, "టీచర్, వాడు పక్కతల వైశాల్యం కట్టాడండీ" అంది. తప్పు నా ప్రశ్నలోనే ఉంది. వ్యాసార్థం 2 అయితే r² అన్నా 2r అన్నా 4 కదా, రెండు సూత్రాలూ ఒకే సంఖ్య ఇస్తాయి. గోళానికి 3 ఇచ్చినా ఇదే గొడవ: ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం రెండూ 36π. కాబట్టి ప్రశ్న రాసేటప్పుడే ఆ సంఖ్యల జోలికి పోకు.

ఇప్పుడు నువ్విచ్చిన హేచరీ ట్యాంకు లెక్కకి వస్తా. వ్యాసం 1.4 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయి? వ్యాసార్థం 0.7, కాబట్టి 22/7 × 0.7 × 0.7 × 2 = 3.08 ఘనపు మీటర్లు, అంటే 3080 లీటర్లు. నీ పిల్లలు ముగ్గురు మూడు రకాలుగా తప్పారు.

మొదటివాడు 8.8 ఘ.మీ. అన్నాడు. అది 2πrh. యూనిట్ చూస్తే ఘనపు మీటర్లే, కానీ ఆ యూనిట్ లెక్కలోంచి వచ్చింది కాదు, ప్రశ్నలో నీళ్లు కనబడ్డాయని అతికించింది. ఇలాంటివాడి చేత సూత్రంలో పొడవులు ఎన్ని గుణించాడో లెక్కపెట్టించు. 2, π పొడవులు కావు. r ఒకటి, h ఒకటి, మొత్తం రెండు, కాబట్టి చదరపు మీటర్లే వస్తాయి. πr²h లో r, r, h మూడున్నాయి, అందుకే ఘనపు మీటర్లు. 2πr(r+h) దగ్గర పిల్లలు r, r, h మూడున్నాయని పొరపాటు పడతారు. బ్రాకెట్లో ఉన్నది కూడిక, రెండు పొడవులు కలిపినా అదొక్క పొడవే.

రెండోవాడు 3.08 దాకా సరిగ్గా వచ్చి, మీటరుకి వంద సెంటీమీటర్లు కదా అని 308 ఘ.సెం.మీ. చేశాడు. 308 ఘనపు సెంటీమీటర్లంటే 308 మిల్లీలీటర్లు, ఓ పెద్ద గ్లాసు మజ్జిగ. మనిషంత ఎత్తు ట్యాంకులో అంతేనా అని అడుగు, వాడే నవ్వుతాడు. ఘనపు మీటరుకి వందని మూడుసార్లు గుణించాలి, చదరపు మీటరుకి రెండుసార్లు. జవాబు 30,80,000 ఘ.సెం.మీ.

మూడోవాడి తప్పు దొరకడం కష్టం. వ్యాసార్థాన్ని 70 సెంటీమీటర్లు చేసుకుని, ఎత్తుని 2 మీటర్లుగానే వదిలేశాడు. 22/7 × 70 × 70 × 2 = 30,800. సూత్రం సరైనదే, పొడవులూ మూడున్నాయి, ఘ.సెం.మీ. అనీ రాశాడు. కానీ సరైన జవాబుకి ఇది సరిగ్గా వందో వంతు. నాకొక అలవాటుంది: తప్పు జవాబుని సరైన దాంతో భాగిస్తాను, లేదా దాన్ని దీంతో. వంద వస్తే ఒక కొలత యూనిట్ మారలేదు. పదివేలు వస్తే వందని రెండుసార్లు వదిలేశాడు, రెండోవాడి 308 అలాంటిదే. ఇలా సున్నాలతో తేలకుండా వేరే సంఖ్య వస్తే అప్పుడు సూత్రాన్ని అనుమానించు. స్థూపానికైతే పక్కతల వైశాల్యాన్ని r/2 తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. 8.8 × 0.35 = 3.08 అని కుదిరిందంటే మొదటివాడి దొంగతనం అక్కడే దొరికినట్టు.

అయితే పొడవులు లెక్కపెట్టడం అన్నిటినీ పట్టదు. శంకువులో 1/3 మర్చిపోయినా పొడవులు మూడే ఉంటాయి. మూతలేని ట్యాంకుకి లోపల రంగు వెయ్యాలంటే పక్కతలానికి అడుగు 1.54 కలిపి 10.34 చ.మీ. రావాలి, పై మూత కూడా కలిపేసి 11.88 రాసినా యూనిట్ చదరపు మీటర్లే. అక్కడ బొమ్మ గీయించి, రంగు తగిలే చోటల్లా పెన్సిల్‌తో గీతలు పెట్టించు.

మీ పెద్దమ్మ