అమెరికా ల్యాప్‌టాప్‌కి కనపడని వైఫై: నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. 22 నెలల క్రితం ఊళ్లోని ఒక ఇంటర్నెట్ సంస్థ నుంచి కనెక్షన్, రౌటర్ తీసుకున్నాం. ఫోన్లన్నిటికీ వైఫై వచ్చేది. మా అబ్బాయి డాలస్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో మాత్రం దాని పేరే కనపడేది కాదు. నెల తర్వాత వాళ్ల టెక్నీషియన్ వచ్చి చూసి, వైఫై కార్డు పోయిందని వాట్సాప్‌లో కూడా రాశాడు. 52,000 రూపాయలు పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. పాతది అలమరలో పడి ఉంది. ఈ గొడవలో మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష పోయింది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మొన్న మా మేనల్లుడు రౌటర్ పేజీ తెరిస్తే దేశం దగ్గర Japan, ఛానల్ దగ్గర 13 అని ఉంది. రీసెట్ కొట్టి అమెరికా అని పెడితే సరిపోతుందంటున్నాడు. చట్టవిరుద్ధమైన సెట్టింగ్ పెట్టి మోసం చేసినందుకు చీటింగ్ కేసు పెట్టి, 5 లక్షలు అడగవచ్చా?

జవాబు: ముందు మీ మేనల్లుణ్ణి రౌటర్ దగ్గరికి వెళ్లనివ్వకండి. రీసెట్ కొడితే Japan, 13 రెండూ చెరిగిపోతాయి, వాటితో పాటు మీ కేసు కూడా పోతుంది. అమెరికా అని పెడితే ల్యాప్‌టాప్‌కి వైఫై వస్తుంది, నిజమే. కానీ రేపు వినియోగదారుల కమిషన్ ముందు అవతలి లాయరు "దేశం సెట్టింగ్‌తో ఆడుకున్నది వీళ్లే" అంటాడు. అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. పైగా రౌటర్ ఏ దేశంలో ఉంటే ఆ దేశమే పెట్టాలి. మన దగ్గర వైఫైకి లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు మన నిబంధనల్లోని ఫ్రీక్వెన్సీకి, పవర్‌కి లోబడి ఇచ్చిందే తప్ప అమెరికా లెక్కల ప్రకారం ఇచ్చింది కాదు.

ఇక చట్టవిరుద్ధం అన్న మాట. 2005లో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు వైఫైని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఈ పరిధిలో ఒక్కో ముక్కని ఛానల్ అంటారు. ఛానల్ 13 మధ్య బిందువు 2472, దాని వెడల్పు మొత్తం ఈ హద్దులోపలే ఉంటుంది. అంటే గుంటూరులో ఛానల్ 13 తప్పు కాదు. అదే 14 అయి ఉంటే సంగతి వేరు. అది 2484 దగ్గర, మన హద్దు బయట ఉంటుంది. దాన్ని జపాన్‌లోనే, అదీ పాత రకం వైఫైకే అనుమతించారు. మీ రౌటర్ 13 మీద ఉంది కాబట్టి సంస్థకి పంపే నోటీసులో "చట్టవిరుద్ధం" అని రాయకండి. ఆ ఒక్క మాట తప్పని తేలితే మిగతా మాటలకూ విలువ పోతుంది. చీటింగ్‌కి మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. సెట్టింగ్ సరిచూడకుండా వదిలేయడం నిర్లక్ష్యమే కానీ మోసం కాదు. పోలీసు స్టేషన్‌కి వెళ్లకండి.

మరి మీ కేసు ఎక్కడుంది? అమెరికాలో అమ్మే చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 11 వరకే వెతుకుతాయి. అన్నీ అలా ఉండవు, కొన్ని ఏ దేశంలో ఉన్నాయో గమనించి మారతాయి. 11 దగ్గర ఆగిపోయే పరికరం 13 మీద ఉన్న నెట్‌వర్క్‌ని అసలు వినదు, అందుకే పేరు కూడా చూపించదు. ఇక్కడ కొన్న ఫోన్లు 13 వరకు వింటాయి. మీ ఇంట్లో కనపడనివి రెండు, ఆ రెండూ డాలస్ నుంచి వచ్చినవే. ఒకే రోజు రెండు పరికరాల్లో కార్డు పోతుందా అని ఆనాడే అడగాల్సింది మీరు. 52,000 ఖర్చు పెట్టేముందు ఇంకో ఇంట్లో, ఇంకో వైఫై మీద ఆ ల్యాప్‌టాప్‌ని ఒక్కసారి తెరిచి చూడకపోవడం మీ అజాగ్రత్తే. అవతలి వాళ్లు మొదట పట్టుకునేది దీన్నే.

అయినా కేసు నిలబడుతుంది, ఆ వాట్సాప్ మెసేజ్ వల్ల. డబ్బు తీసుకుని సేవ చేసే సంస్థ తన మనిషిని పంపింది. అతను ఛానల్ చూడకుండా కార్డు పోయిందని తేల్చి రాశాడు. ఆ మాట నమ్మి మీరు కొన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్నే సేవాలోపం అంటుంది. 13 అనే అంకె కంటే ఆ మెసేజే మీకు ముఖ్యం. అది వచ్చిన ఫోన్‌ని మార్చకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్ మీద మాత్రమే ఆధారపడవద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం మీరు, రెండోది కంప్యూటర్ నిపుణుడు సంతకం చేయాలి.

రెండో ఆధారం ఆ పాత ల్యాప్‌టాప్. అదృష్టం కొద్దీ దాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయలేదు. దాన్ని, ఇక్కడ కొన్న కొత్త ల్యాప్‌టాప్‌ని పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి:

```
netsh wlan show networks mode=bssid
```

కొత్తదాంట్లో మీ వైఫై పేరు, కింద Channel : 13 అని వస్తుంది. పాతదాంట్లో పక్కింటి వైఫైలు వచ్చి మీది రాకపోతే కార్డు పని చేస్తున్నట్టే లెక్క. రెండు తెరలూ, రౌటర్ పేజీలోని దేశం, ఛానల్, రౌటర్ అడుగున ఉన్న సీరియల్ నంబరు ఒకే వీడియోలో ఆపకుండా తీయండి. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ కూడా ఇచ్చే రకమైతే ఆ ఛానల్ కూడా చూపించండి. దాని మీద పాత ల్యాప్‌టాప్‌కి వైఫై వస్తోందని తేలితే మీ వాదన చాలా బలహీనపడుతుంది, ముందే తెలుసుకోవడం మంచిది.

తర్వాత సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. వాళ్ల మనిషి వచ్చినప్పుడు, అతని ఎదుటే, అతని చేతే దేశం India, ఛానల్ 1, 6, 11లో ఒకటి పెట్టించండి. పాత ల్యాప్‌టాప్‌లో పేరు కనపడగానే మళ్లీ అదే కమాండ్ ఇచ్చి వీడియో తీయండి. చేసిన పని జాబ్ షీట్‌లో రాయించుకోండి. రెండు నిమిషాల్లో పోయే లోపానికి 52,000 ఖర్చు చేయించారని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

గడువు మాత్రం ముంచుకొస్తోంది. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో కేసు వేయాలి. లెక్క టెక్నీషియన్ మెసేజ్ తేదీ నుంచి వేసుకోండి. అప్పుడు మీకు మిగిలింది మూడు నెలలు. అసలు కారణం మొన్ననే తెలిసింది కాబట్టి గడువు మొన్నటి నుంచే అని వాదించవచ్చు కానీ, ఆ వాదన మీద కేసు పెట్టకండి. నోటీసు ఇచ్చినా, వాళ్లు చూస్తాం అన్నా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా గడువు ఆగదు. నోటీసుకి 15 రోజులు ఇవ్వండి, అంతే.

అడగాల్సింది కొత్త ల్యాప్‌టాప్ ధర, ఖర్చులు, మానసిక వేదనకి తగుమాత్రం. పాతది పని చేస్తోంది కాబట్టి ధర మొత్తం రాకపోవచ్చు. పరీక్ష పోయినందుకు లక్షలు అడగకండి. ఫోన్లకి వైఫై ఉంది, హాట్‌స్పాట్ పెట్టుకునే వీలుంది, కాబట్టి ఆ నష్టాన్ని ఛానల్ 13కి ముడిపెట్టడం కష్టం. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, మీరు ఉండే గుంటూరులోనే వేయవచ్చు. టెలికాం తగాదాలు కమిషన్ పరిధిలోకి రావని వాళ్లు అభ్యంతరం పెడతారు. వస్తాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో తేల్చింది, ఆ తీర్పు ప్రతిని ఫిర్యాదుతోనే జతపరచండి. కొత్త ల్యాప్‌టాప్ బిల్లు మీ అబ్బాయి పేరు మీద ఉంటే అతన్ని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి.