వాలు చేనులో మట్టి ఎంత కొట్టుకుపోతుంది?

"మా చేను 3 శాతం వాలు, 90 మీటర్ల పొడవు. USLEతో ఏటా పోయే మట్టిని ఎలా లెక్కించాలి?"

USLE అంటే నేల కోతను అంచనా వేసే సార్వత్రిక సూత్రం. అందులో A అంటే హెక్టారుకి ఏటా పోయే మట్టి:

```
A = R × K × LS × C × P
```

మెట్రిక్ యూనిట్లలో వాన ధాటి R 3000, నేల కోతకు లొంగే స్వభావం K 0.03 అనుకుందాం. మీ వాలుకి, పొడవుకి LS సుమారు 0.4 వస్తుంది. పైరు కప్పు C 0.5, నేల కాపాడే పద్ధతి P వాలు వెంటే దున్నితే 1. గుణిస్తే హెక్టారుకి ఏటా 18 టన్నులు, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల పైమట్టి. వాలుకి అడ్డంగా దున్నితే P 0.5 అవుతుంది, నష్టం 9 టన్నులకు తగ్గుతుంది.

ఎక్కువమంది తప్పేది యూనిట్ల దగ్గరే. అమెరికన్ పట్టికలోని K 0.23ని మెట్రిక్ R పక్కన పెడితే 138 టన్నులు వస్తుంది! ఆ K విలువను ముందు 0.1317తో గుణించాలి, అప్పుడే 0.03. మెట్రిక్ K 0.1 దాటితే అనుమానించండి.

పొడవును గట్టు నుంచి గట్టుకి కొలవకండి. నీరు పారడం మొదలైన చోటు నుంచి అది కాలువలో కలిసే చోటు వరకు, లేదా వాలు తగ్గి మట్టి మేట వేసే చోటు వరకే కొలవాలి.

ఇది చాలా ఏళ్ల సగటు. ఒక్క వానకి పనికిరాదు, గండ్లు కోసుకుపోయిన మట్టి ఇందులోకి రాదు.