పోర్టల్‌కు ఎక్కని టెస్టింగ్ ఉద్యోగాలు: ఫౌండర్లు, మేనేజర్ల పోస్టులను ఎలా చదవాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను, మూడేళ్ల అనుభవం. నౌకరీలో రోజూ అప్లై చేస్తున్నా ఎవరూ పిలవట్లేదు. లింక్డ్‌ఇన్‌లో, ఎక్స్‌లో ఫౌండర్లు పెట్టే పోస్టులతో ఉద్యోగం తెచ్చుకున్నామని కొందరంటున్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎలా వెతకాలి?

జవాబు:

పనిచేస్తుంది. నాకు ఒక ఉద్యోగం ఇలాగే వచ్చింది. ఇప్పుడు చిన్న టెస్టింగ్ టీమ్‌ను చూసుకుంటూ, మనుషులు కావలసినప్పుడు నేనే పోస్టులు పెడుతున్నాను. అందుకే రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ఈ ఖాళీలు పోర్టల్‌కు ఎందుకు రావో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. టీమ్‌లో ఎవరైనా రాజీనామా చేస్తే ఆ సంగతి మొదట తెలిసేది మేనేజర్‌కి. బదులు మనిషిని తీసుకోవడానికి ఫైనాన్స్ అనుమతి రావాలి, తర్వాత హెచ్‌ఆర్ జాబ్ డిస్క్రిప్షన్ రాయాలి, ఆ తర్వాతే పోర్టల్. దీనికి వారాలు పడుతుంది. ఈలోగా మేనేజర్ ఊరుకోలేక "మా టీమ్‌లోకి ఒక టెస్టర్ కావాలి, ఎవరైనా తెలిస్తే చెప్పండి" అని తన పేజీలో రాస్తాడు. అలా మనిషి దొరికేస్తే పోర్టల్ దాకా పోనే పోదు. పదిపదిహేను మంది ఉన్న కంపెనీలో అయితే హెచ్‌ఆరే ఉండరు. పోర్టల్‌లో ప్రకటన ఇస్తే చదవకుండా అప్లై చేసిన రెజ్యూమెలు కుప్పలుగా వస్తాయి, వాటిని వడపోసే తీరిక ఫౌండర్‌కి ఉండదు.

మన దగ్గర ఇంకో ప్రత్యేక కారణం ఉంది. నోటీస్ పీరియడ్ అరవై, తొంభై రోజులు ఉండడం వల్ల, ఆఫర్ ఒప్పుకున్న మనిషి ఆ గడువులో ఇంకో మంచి ఆఫర్ తెచ్చుకుని చివరి వారంలో రాననేస్తాడు. అప్పటికే రిలీజ్ తేదీ దగ్గర పడి ఉంటుంది. "ఇమీడియట్ జాయినర్ కావాలి" అని మేనేజర్లే స్వయంగా రాసే పోస్టుల్లో చాలా వాటి వెనక ఉన్న కథ ఇదే. మీ నోటీస్ ముప్పై రోజులే అయినా, లేదా ఇప్పటికే నోటీస్‌లో ఉన్నా, ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇక వెతకడం. లింక్డ్‌ఇన్‌లో Jobs విభాగం వదిలేయండి. పైన సెర్చ్‌లో పదాలు కొట్టి Posts ఎంచుకుని, వరుసను Latest గా, తేదీని Past week గా పెట్టండి. ఏ పదాలు కొట్టాలన్నదే కీలకం. రిక్రూటర్లు రాసే భాష వేరు, మేనేజర్లు రాసే భాష వేరు. "Urgent requirement, share CV" అన్నది రిక్రూటర్ ధోరణి. మేనేజర్ "my team", "join me", "I'm looking for" అంటాడు. నేను వాడేవి ఇలా ఉంటాయి:

```
"my team" hiring QA Hyderabad
"first QA" startup
"I'm looking for" SDET "DM me"
```

ఒక్కొక్కటీ విడిగా కొట్టండి. అన్నీ కలిపి పెద్ద వాక్యం చేస్తే లింక్డ్‌ఇన్ ఏవేవో చూపిస్తుంది. వీటిలో "first QA" అన్నది నాకు బాగా ఇష్టం. మొదటి టెస్టర్‌ను తీసుకునే కంపెనీలో ఆ పని ఎలా ఉండాలో ఇంకా ఎవరూ నిర్ణయించి ఉండరు. కాబట్టి టూల్స్ పేర్ల పట్టికతో మిమ్మల్ని మొదట్లోనే తీసిపారేసే అవకాశం తక్కువ. ఎక్స్‌లో అయితే ఇది కొట్టి Latest చూడండి:

```
("we're hiring" OR "looking for") (QA OR SDET) (Hyderabad OR remote) -filter:retweets
```

అయితే అసలు విలువైన పోస్టుల్లో ఉద్యోగం అన్న మాటే ఉండదు. వాటిలో ఉండేది సమస్య. నాకు ఉద్యోగం తెచ్చిన పోస్టు అలాంటిదే, కాస్త వివరంగా చెబుతాను.

మందుల హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ అది. దాని ఫౌండర్, వారానికో రిలీజ్ ఇవ్వడం మొదలుపెట్టాక జీఎస్టీ లెక్కలో ఒక తప్పు కస్టమర్ల దాకా వెళ్లిందని, టీమంతా రాత్రి కూర్చుని సరిచేసిందని లింక్డ్‌ఇన్‌లో రాశారు. టీమ్‌కి థ్యాంక్స్ చెప్పడానికి పెట్టిన పోస్టు అంతే. కంపెనీ పేజీకి వెళ్లి People చూశాను. డెవలపర్లు, సేల్స్, సపోర్ట్ వాళ్లు ఉన్నారు, టెస్టింగ్ హోదాతో ఒక్కరూ లేరు. వారానికో రిలీజ్, డబ్బు లెక్కలు, టెస్టర్ లేడు. ఈ మూడూ కలిసినచోట ప్రకటన లేకపోయినా ఖాళీ ఉన్నట్టే.

వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచిత ట్రయల్ ఉంది. అందులో ఒక్కొక్కటి 10.45 రూపాయల చొప్పున మూడు వరుసలతో బిల్లు వేశాను. అప్పుడు ఆ మందులపై 12 శాతం పన్ను, అంటే సీజీఎస్టీ 6, ఎస్జీఎస్టీ 6. ఒక్కో వరుసకు సీజీఎస్టీ 0.627 వస్తుంది, దాన్ని 0.63 చేస్తే మూడింటికి 1.89. అదే మొత్తం 31.35 మీద లెక్కేస్తే 1.881, అంటే 1.88. అమ్మకం బిల్లులో సాఫ్ట్‌వేర్ మొదటి పద్ధతిలో లెక్కవేస్తోంది, సరుకు వాపసు బిల్లులో రెండో పద్ధతిలో. దాంతో బిల్లు మొత్తం వెనక్కి ఇచ్చేసినా కస్టమర్ ఖాతాలో సీజీఎస్టీలో ఒకటి, ఎస్జీఎస్టీలో ఒకటి, మొత్తం రెండు పైసలు మిగిలిపోతున్నాయి. రోజుకు వందల బిల్లులు వేసే హోల్‌సేలర్ దగ్గర ఈ ఖాతాలు ఎప్పటికీ సున్నా కావు. సాయంత్రం లెక్క కలవక అకౌంటెంట్ తల పట్టుకుంటాడు.

ఇది పోస్టు కింద కామెంట్‌గా పెట్టలేదు. కస్టమర్లు కూడా చదివే చోట తప్పు చూపిస్తే ఎవరికైనా ఇబ్బందే. పైగా మనం పెట్టే కామెంట్లు మన కనెక్షన్లకు కనిపిస్తాయి, అందులో మన ప్రస్తుత మేనేజర్ కూడా ఉండొచ్చు. వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కు రాశాను. మీ పోస్టు చదివాను, ట్రయల్‌లో ఈ అంకెలతో బిల్లు వేసి వాపసు చేస్తే రెండు పైసలు మిగులుతున్నాయి, స్క్రీన్‌షాట్ జత చేశాను, నేను బిల్లింగ్ అప్లికేషన్లు టెస్ట్ చేస్తుంటాను, మీకు టెస్టర్ అవసరం ఉంటే మాట్లాడదాం, నా నోటీస్ ఇంత. ఉత్తరం మొత్తం ఇంతే. ఆయన ఫోన్ చేసి మాట్లాడారు. ఆ తర్వాత వాళ్ల టెక్నికల్ హెడ్ స్క్రీన్ షేర్ చేసి రాబోయే ఫీచర్ ఒకటి చూపించి, దీన్ని ఎలా టెస్ట్ చేస్తావని అడిగారు. ఇంటర్వ్యూ అంటే అదే. నేను చేరేదాకా ఆ ఉద్యోగానికి ప్రకటనే లేదు.

ఇక్కడ ఒక హద్దు పాటించండి. ఒక్క తప్పు, అది తిరిగి వచ్చేలా చేసే దశలు, అంతవరకే పంపాలి. ఇరవై పేజీల టెస్ట్ రిపోర్ట్ ఉచితంగా రాసిస్తే అది కంపెనీకి చేసిపెట్టిన చాకిరీ అవుతుంది, పైగా చదవడానికి వాళ్లకు ఓపిక ఉండదు. ట్రయల్ లేని ఉత్పత్తి అయితే లోపలికి దూరే ప్రయత్నం అసలే వద్దు. ప్లే స్టోర్‌లో వాళ్ల యాప్ కింద ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూలు చదవండి. ఒకే ఫిర్యాదు మళ్లీమళ్లీ కనిపిస్తే దాని గురించి రాయొచ్చు.

సూటిగా "టెస్టర్ కావాలి" అని రాసిన పోస్టుకు ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ మాట పొందికగా ఉంటే చాలు. నేను పోస్టు పెట్టినప్పుడు ఇన్‌బాక్స్ నిండా "Hi sir", "Interested" అనే సందేశాలే ఉంటాయి. రెజ్యూమె జతచేసి ఒక్క ముక్క కూడా రాయనివాళ్లు ఇంకొందరు. నేను ఆగి చదివేవి నా పోస్టులోని విషయాన్ని పట్టుకున్నవి. పేమెంట్ ఏపీఐలు టెస్ట్ చేసేవాళ్లు కావాలని రాస్తే, ఒకమ్మాయి "రీఫండ్ రెండుసార్లు వెళ్లిపోయే కేసు పోస్ట్‌మ్యాన్‌లో పట్టుకున్నాను, గచ్చిబౌలిలో ఉంటాను, 30 రోజుల్లో చేరగలను" అని రాసింది. ఆ రోజే ఫోన్ చేశాను. లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ లేనివాళ్లకు ఉచిత ఖాతా నుంచి పంపే పరిచయ నోట్‌లో సుమారు 200 అక్షరాలే పడతాయి. ఆ కాస్త చోటులో చేసిన పని ఒకటి, ఊరు, నోటీస్ ఉంటే సరిపోతుంది. "కష్టపడి పనిచేస్తాను" లాంటి మాటలకు అక్కడ చోటు లేదు.

నకిలీ పోస్టుల గురించి రెండు మాటలు. "కామెంట్‌లో Interested అని పెట్టండి" అని అడిగే పేజీ తెరిచి పాత పోస్టులు చూడండి. రోజుకో కంపెనీ పేరుతో ఖాళీల జాబితా ఉంటే అతను మేనేజర్ కాదు, ఫాలోవర్లను పెంచుకుంటున్నాడు. నిజంగా మనిషి కావాల్సినవాడు కామెంట్లలో అడిగిన ప్రశ్నలకు జవాబిస్తాడు, పని గురించి ఏదో ఒక నిర్దిష్టమైన విషయం చెబుతాడు. కంపెనీ నిజంగా నమోదై ఉందో లేదో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్, బ్యాక్‌డోర్ అన్న మాట ఏది వినిపించినా అక్కడితో ఆపేయండి.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మేనేజర్ పోస్టు పెట్టినా చివరికి మీరు వాళ్ల కెరీర్స్ పేజీలో అప్లై చేయాల్సిందే. ఆ పోస్టు వల్ల దొరికేది రెఫరల్ మాత్రమే. అందుకని అక్కడ ముందు ఉద్యోగం తాలూకు ఐడీ అడిగి తీసుకోండి. ఇక మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే ఉంటే చిన్న కంపెనీలు కూడా వెనకాడుతున్నాయి. కనీసం పోస్ట్‌మ్యాన్‌లో ఏపీఐ టెస్టింగ్, కాస్త ఎస్‌క్యూఎల్ చేతిలో ఉండాలి.

చివరిగా, "వేరేవాళ్లను తీసుకున్నాం" అని మర్యాదగా జవాబిచ్చిన మేనేజర్లను వదలకండి. ప్రొఫైల్ మీద గంట గుర్తు నొక్కి వాళ్ల పోస్టులన్నీ మీకు వచ్చేలా పెట్టుకోండి. ఎంపికైన మనిషి నోటీస్ ముగిసి చేరాల్సిన సమయానికి, అంటే రెండు మూడు నెలల తర్వాత, "ఆ ఖాళీ నిండిందా?" అని ఒక్క వాక్యం పంపండి. మా టీమ్‌లో ఇప్పుడు ఏపీఐ పని చూస్తున్న అబ్బాయి అలా అడిగే వచ్చాడు. అతను అడిగిన వారమే, మేము ఎంచుకున్న మనిషి రావట్లేదని ఫోన్ చేసి చెప్పాడు.