సబ్జెక్ట్: బుధవారాలు ఫిజికల్ కెమిస్ట్రీ ప్రాబ్లమ్స్ కలిసి చేద్దామా?

ఏరా, మెల్‌బోర్న్ చలికి అలవాటు పడ్డావా?

మొన్న ట్యుటోరియల్‌లో నువ్వు ఆగిపోయిన ప్రాబ్లమ్ గురించే ఈ మెయిల్. నేనొచ్చి ఆరేళ్లయింది, మొదటేడు నేనూ అక్కడే ఆగిపోయా. ఇంటర్‌లో ఫిజిక్స్ సారు ΔQ = ΔU + ΔW అన్నారు, కెమిస్ట్రీ సారు ΔU = q + w అన్నారు, రెండూ కరెక్టే, పని గుర్తు ఎటు తీసుకున్నామన్నదే తేడా. ఇక్కడ మన క్లాసులో రెండోదే, అంటే గ్యాస్ వ్యాకోచిస్తే w మైనస్.

ఆ లెక్క మళ్లీ చూడు. 1 మోల్ మోనోఅటామిక్ ఐడియల్ గ్యాస్, 300 K, 10 బార్, బయట ప్రెషర్ 1 బార్‌కి ఒక్కసారిగా పడిపోయింది, అడయబాటిక్. నువ్వు వెంటనే అలవాటుగా PV^γ ఫార్ములా పెట్టేశావు, 119 K వచ్చింది. కానీ అది రివర్సిబుల్ అయితేనే. ఇక్కడ q = 0 కాబట్టి ΔU = w, అంటే 1.5R(T − 300) = −R(T − 30), R కొట్టేస్తే 2.5T = 480, T = 192 K. ఆ 30 ఎక్కడిదంటావా, బయటి ప్రెషర్ 1 బార్‌ని మొదటి వాల్యూమ్‌తో గుణిస్తే R × 300/10, అదీ సంగతి. తప్పు పట్టుకునే దారి కూడా ఉంది: రివర్సిబుల్‌లో గ్యాస్ ఎక్కువ పని చేస్తుంది కాబట్టి ఎక్కువ చల్లబడాలి, మన జవాబు 119 కన్నా పైనే ఉండాలి. ఎంట్రోపీ కూడా వేసి చూడు, దాదాపు 9.9 J/K ప్లస్ వస్తుంది, సున్నా వస్తే రివర్సిబుల్ ఫార్ములా వాడేసినట్టే.

ఇలాంటివి ఒక్కడివే కూర్చుంటే దొరకవు రా, పక్కవాడు "ఎందుకు" అని అడిగితేనే బయటపడతాయి. అందుకే నలుగురం చాలు. ఆదివారం రాత్రి ఒకరు మూడు ప్రాబ్లమ్స్ పంపాలి, అందరూ ఒక్కోదానికి ఇరవై నిమిషాలు సొంతంగా ప్రయత్నించి రావాలి. బుధవారం 5 నుంచి 6:30, లైబ్రరీలో బోర్డున్న స్టడీ రూమ్ నేను బుక్ చేస్తా. ఎవరికి రాలేదో వాళ్లే బోర్డు దగ్గర మొదలుపెట్టాలి, వచ్చినవాళ్లు ప్రశ్నలే అడగాలి. మొదటి రెండు వారాలు థర్మో, మూడో వారం ఫేజ్ ఈక్విలిబ్రియా, తర్వాత రెండు కైనెటిక్స్, ఆరోది క్వాంటం.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మార్కులుండే అసైన్‌మెంట్ ఈ గ్రూపులో వద్దు. మన దగ్గర రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకునేవాళ్లం, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, ఇక్కడ అది కొల్యూజన్ కింద రాస్తారు, చూపించినవాడి మీద కూడా కేసే. అందుకే పాత పేపర్లు, పుస్తకంలో చాప్టర్ చివరి ప్రాబ్లమ్స్ మాత్రమే చేద్దాం, బోర్డు ఫోటోలు కూడా తీయొద్దు.

వచ్చే బుధవారం నీకు కుదురుతుందా? శుక్రవారంలోపు చెప్పు, రూమ్ త్వరగా నిండిపోతుంది.