కంపెనీ ఉంది సరే, నీకు రాసింది ఆ కంపెనీయేనా?

"అక్కా, నా భార్య స్కిల్డ్ వర్కర్ వీసాకి డిపెండెంట్‌గా లండన్ వచ్చి ఎనిమిది నెలలైంది. గ్రాఫిక్ డిజైనర్‌ని. ఇన్నాళ్ళకి ఒక పెద్ద పని తగిలింది. ఒక ఫర్నిచర్ కంపెనీ నలభై పేజీల కేటలాగు చేసిపెట్టమని మెయిలు పంపింది. ఇక్కడి కంపెనీల ప్రభుత్వ రిజిస్టర్ కంపెనీస్ హౌస్‌లో చూశాను, పేరుంది. ఇక మొదలుపెట్టేయొచ్చా?"

తమ్ముడూ, ఇంకో రెండు రోజులు ఆగు. నీ భార్య స్కిల్డ్ వర్కర్ వీసాకి డిపెండెంట్‌గా వచ్చానన్నావు కాబట్టి సొంతంగా పని చేసుకోవడానికి నీకు అడ్డులేదు. ఇది చదివే స్టూడెంట్ వీసా పిల్లలకి మాత్రం ఆ వీలు లేదు. వాళ్ళు క్లయింటు సంగతి చూసుకునే ముందు తమ వీసా షరతులు చూసుకోవాలి.

నువ్వు కంపెనీస్ హౌస్‌లో చూడటం మంచి పనే. అయితే దాంతో తేలింది సగం సంగతే. ఆ పేరుతో కంపెనీ ఒకటి ఉందని తెలిసింది. నీకు మెయిలు రాస్తున్న మనిషి ఆ కంపెనీ మనిషేనా అన్నది ఇంకా తేలలేదు. మన డిజైనర్లలో మోసపోయినవాళ్ళు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ రెండో దగ్గరే. ఊరూ పేరూ లేని కంపెనీ పేరు చెప్తే నువ్వు వెంటనే పట్టేస్తావు. అందుకే వాళ్ళు పదిహేనేళ్ళుగా నడుస్తున్న నిజమైన కంపెనీ పేరు, నంబరు, అడ్రసు ఎత్తుకొచ్చి సంతకం కింద పెట్టుకుంటారు. ఆ వివరాలన్నీ ఎవరైనా చూడగలిగేవే కదా.

రెండేళ్ళ కిందట నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయికి అచ్చం ఇలాగే జరిగింది. ఆ మెయిలు నేను కూడా పక్కన కూర్చుని చదివాను కాబట్టి వివరంగా చెప్తాను.

మెయిలు చక్కటి ఇంగ్లీషులో ఉంది. కింద కంపెనీ పేరు, ఎనిమిదంకెల కంపెనీ నంబరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు ఉన్నాయి. రాసినాయన తాను మార్కెటింగ్ మేనేజర్నని చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి కంపెనీస్ హౌస్ సైటులో ఆ నంబరు కొట్టింది. Company status దగ్గర Active అనే ఉంది. 2009లో పెట్టిన కంపెనీ. Filing history తెరిస్తే ఏటా లెక్కలు దాఖలు చేస్తున్నారు. వ్యాపారం కూడా ఫర్నిచరే. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఉండవా మరి, అవి అసలు కంపెనీ వివరాలే!

ఈ పేజీని ఎలా చదవాలో ఇక్కడే చెప్పేస్తాను. Dissolved అని ఉంటే ఆ కంపెనీ ఇక లేదు. Active proposal to strike off అని ఉంటే రిజిస్టర్ నుంచి తీసేసే పని మొదలైందని అర్థం, అలాంటివాళ్ళకి అప్పు మీద పని చేయకూడదు. Accounts దగ్గర overdue అని ఉంటే లెక్కలు గడువులోగా ఇవ్వలేదన్నమాట. వరసగా dormant accounts, అంటే వ్యాపారమేమీ జరగలేదని చెప్పే లెక్కలు కనిపిస్తూ, ఇవాళ ఉన్నట్టుండి పెద్ద కేటలాగు అంటే ఎందుకని అడగాలి. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకో. ఆ రిజిస్టర్‌లో పేరుండటం మంచి కంపెనీ అని ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్టు కాదు. డైరెక్టర్లు ఎవరో ఆధారాలు చూసి నిర్ధారించుకోవడం తప్పనిసరి అయ్యింది 2025 నవంబరు 18 నుంచే. అంతకుముందు ఎవరో ఒకరి పేరు రాసేసినా నడిచిపోయేది.

అక్కడిదాకా చూసి ఆ అమ్మాయి తృప్తిపడింది. నేను మాత్రం మెయిలు అడ్రసులో @ తర్వాత ఉన్న భాగం చూశాను. కంపెనీ పేరు, దాని పక్కన ఒక అడ్డగీత, ఆ పైన group అని, చివర .com అని ఉంది. ఆ డొమైను ఎప్పుడు కొన్నారో చూద్దామని lookup.icann.org తెరిచాం. టెర్మినల్ అలవాటున్నవాళ్ళు ఇలా కూడా చూడొచ్చు:

```
whois example.com
```

వచ్చిన వివరాల్లో Creation Date అనో Created అనో ఉన్న వరస చదవాలి. .uk డొమైన్లకైతే అదే Registered on అని కనిపిస్తుంది. కొన్నవాళ్ళ పేరు చాలాసార్లు దాచేసి ఉంటుంది, దాని గురించి పట్టించుకోనక్కర్లేదు, మనక్కావలసింది తేదీ. ఆ రోజు మాకు కనిపించిన తేదీ పందొమ్మిది రోజుల కిందటిది. 2009 నుంచి వ్యాపారం చేస్తున్న కంపెనీకి పందొమ్మిది రోజుల వయసున్న మెయిలు అడ్రసు ఏమిటి? పేరు మార్చుకున్నప్పుడో, కొత్త బ్రాండు పెట్టినప్పుడో నిజంగా కొత్త డొమైను కొనేవాళ్ళు ఉంటారు. అందుకని ఈ ఒక్కదాన్ని పట్టుకుని మోసం అనేయలేం. అడగాల్సిన ప్రశ్న మాత్రం దొరికినట్టే.

జీమెయిల్లో Show original నొక్కి, మెయిలు ఏ డొమైను నుంచి వచ్చిందో సరిచూసే SPF, DKIM, DMARC మూడూ PASS అని ఉన్నాయని చూపించి, "అయితే అసలుదే కదక్కా" అంది ఆ అమ్మాయి. కాదమ్మా. ఆ మెయిలు నిజంగా ఆ డొమైను నుంచే వచ్చిందని మాత్రమే PASS చెప్తుంది. ఆ డొమైను ఎవరిదో చెప్పదు. మోసగాడు తను కొనుక్కున్న డొమైనుకి ఇవన్నీ సక్రమంగా పెట్టుకోగలడు. fail అని వస్తే జాగ్రత్తపడాలి, PASS అని వస్తే మాత్రం ఊరట పడకూడదు.

ఇక అసలు పరీక్ష. కంపెనీ ఫోన్ నంబరు మెయిల్లోంచి తీసుకోకూడదు, ఆ మెయిలు ఇచ్చిన లింకులో కనిపించే సైటులోంచి కూడా తీసుకోకూడదు. వేరే దారిలో సంపాదించాలి. మేమేం చేశామంటే, ఆ కంపెనీ ఒక ఫర్నిచర్ ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టినట్టు కనిపిస్తే, ఎగ్జిబిషన్ వాళ్ళ జాబితాలోంచి కంపెనీ అసలు సైటు పట్టుకున్నాం. అది .co.uk తో ముగిసేది. ఇక్కడి చట్టం ప్రకారం లిమిటెడ్ కంపెనీ తన సైటులో రిజిస్టర్డ్ పేరు, నంబరు, ఆఫీసు అడ్రసు పెట్టాలి. పేజీ అడుగున చూశాం, నంబరు కంపెనీస్ హౌస్‌లో ఉన్నదే. అంటే సైటుకీ రిజిస్టర్‌కీ లంకె కుదిరింది. web.archive.orgలో చూస్తే ఏళ్ళనాటి పాత పేజీలు కూడా ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయి ఆ సైటులోని నంబరుకి ఫోన్ చేసింది.

ఏమని అడగాలో తెలియక చాలామంది ఈ ఫోను చేయరు. అనుమానిస్తున్నట్టు వినిపిస్తుందేమోనని మొహమాటం. ఆ అమ్మాయి అన్నది ఇంతే: "మీ మార్కెటింగ్ మేనేజర్ ఫలానాయన నాకు కేటలాగు పని గురించి రాశారు. ఆయనకి కలుపుతారా?" రిసెప్షన్‌లో ఉన్నావిడ ఒక్క క్షణం ఆగి, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు, ఈ వారంలో ఇలా ఫోన్ చేసిన మూడో మనిషివి నువ్వు అంది. మూడు నిమిషాల్లో తేలిపోయింది.

వాళ్ళకి మన కేటలాగుతో ఏం లాభం అని నువ్వడగొచ్చు. మర్నాడు వచ్చిన మెయిల్లో అదీ తెలిసింది. మొత్తం డబ్బు ముందే కార్డు మీద కట్టేస్తాం, ఫొటోగ్రాఫర్ ఫీజు కూడా అందులోనే కలిపి పంపుతాం, ఆయన కార్డు తీసుకోడు కాబట్టి ఆ భాగం నువ్వే ఆయన ఖాతాకి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసెయ్ అని రాశాడు. కార్డు దొంగిలించినది. నెలో రెండు నెలలో పోయాక కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేస్తాడు, బ్యాంకు మొత్తం సొమ్ము నీ దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. "ఫొటోగ్రాఫర్"కి నువ్వు పంపిన డబ్బు మాత్రం తిరిగిరాదు. అమెరికాలో ఇదే ఆట చెక్కుతో ఆడతారు. చెక్కు డబ్బు ఖాతాలో కనిపించేస్తుంది, వారాల తర్వాత చెక్కు నకిలీదని తేలితే ఆ లోటు నీ నెత్తిన పడుతుంది. అందుకని ఎక్కడైనా సరే, నీ ఖాతా మీదుగా మూడో మనిషికి డబ్బు పంపమన్న క్లయింటు ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా వద్దను.

ఇంకో రకం కూడా ఉంది. బ్రీఫ్ అని జిప్ ఫైలు పంపుతారు, విప్పితే లోపల పీడీఎఫ్ లాంటి గుర్తుతో ఉన్న ఫైలు పేరు చివర .exe అనో .scr అనో ఉంటుంది. అది పీడీఎఫ్ కాదు, ప్రోగ్రాము, తెరవకు. బ్రీఫ్‌ని మెయిల్లోనే రాసి పంపమను.

నీ సంగతికి వస్తే, ఆ మెయిలుకి జవాబుగా మూడు అడుగు: ఇన్వాయిసు ఏ రిజిస్టర్డ్ పేరు మీద రాయాలి, పర్చేజ్ ఆర్డర్ నంబరు ఎంత, బిల్లులు చూసే వాళ్ళ మెయిలు ఏది. నిజమైన కంపెనీలో ఇవి రోజూ నడిచే మాటలు, ఎవరూ నొచ్చుకోరు. దుకాణం పేరు ఒకటి, రిజిస్టర్డ్ పేరు ఇంకొకటి ఉండటం మామూలే, ఇన్వాయిసు మాత్రం రిజిస్టర్డ్ పేరు మీదే ఉండాలి. అన్నీ సరిపోయాక మూడో వంతో సగమో అడ్వాన్సు తీసుకుని, అది బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గా పడ్డాక, పంపినవాళ్ళ పేరు కంపెనీ పేరుతో కలుస్తోందో లేదో చూసి ఫైలు తెరువు. ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆగి అడుగు.

రిజిస్టర్‌లో దొరకనివాళ్ళంతా దొంగలు అనుకోకు. ఇక్కడ సోల్ ట్రేడర్లు కంపెనీస్ హౌస్‌లో ఉండరు, వాళ్ళకి అందులో నమోదయ్యే అవసరమే లేదు. వ్యాట్ నంబరుంటే GOV.UKలో అది ఎవరిదో చూడొచ్చు. లేకపోతే వీడియో కాల్ మాట్లాడి, వాళ్ళతో ఇంతకుముందు పని చేసిన ఒకరి పేరు అడిగి, ఆ ఒకరిని కూడా నీ అంతట నువ్వే వెతికి పట్టుకోవాలి. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువ. ABN Lookup అనే ప్రభుత్వ సైటులో పదకొండంకెల వ్యాపార నంబరు కొడితే ఒంటరిగా వ్యాపారం చేసేవాళ్ళు కూడా కనిపిస్తారు. అమెరికాలో దేశమంతటికీ ఒకే కంపెనీ రిజిస్టర్ లేదు, ఏ రాష్ట్రంలో పెట్టిన కంపెనీయో తెలుసుకుని ఆ రాష్ట్రం రిజిస్టర్‌లోనే వెతకాలి.

పోయిన ఏడాది నాకే రెండు నెలల వయసున్న కంపెనీ నుంచి పని వచ్చింది. డొమైనూ కొత్తదే, లెక్కలు దాఖలు చేసే గడువు ఇంకా రాలేదు, ఆఫీసు అడ్రసు వాళ్ళ అకౌంటెంటుది. పైపైన చూస్తే అన్నీ అనుమానించాల్సినవే. కంపెనీస్ హౌస్ People పేజీలో డైరెక్టరు పేరు తీసుకుని, ఆవిడ అంతకుముందు పని చేసిన సంస్థకి ఫోన్ చేసి అడిగాను. అవును, మార్చిలో మానేసి సొంతంగా పెట్టుకుంది అన్నారు. మధ్యాహ్నం ఆవిడతో వీడియోలో మాట్లాడాను, సాయంత్రానికి కంపెనీ ఖాతా నుంచి సగం అడ్వాన్సు పడింది. నీ ఫర్నిచర్ వాళ్ళ సైటు కూడా రేపు పొద్దున అలాగే వేరే దారిలో వెతికి పట్టుకుని, తొమ్మిది దాటాక ఫోన్ చెయ్. ఏమన్నారో నాకు రాయి.